జంట షేర్ల మధ్య ఎడం

ఆనందపురం కూడలి నుంచి అనకాపల్లి వైపు ఆరు వరసల దారిలో లారీ తోలే డ్రైవరు ఏ బంకులో డీజిల్ కొట్టించాలన్నది ధర చూసి తేల్చుకోడు. హిందుస్థాన్ పెట్రోలియం బంకైనా, భారత్ పెట్రోలియం బంకైనా బోర్డు మీద అంకెల్లో తేడా పైసల్లోనే ఉంటుంది. టీ ఎక్కడ బావుంటుంది, లారీ పెట్టుకోడానికి చోటెక్కడుంది అన్నవే అతనికి లెక్క. రెండు కంపెనీలూ కొనేది దాదాపు ఒకే ధరకు దొరికే ముడిచమురు, అమ్మేది దాదాపు ఒకే ధరకు. మరి స్టాక్ మార్కెట్‌లో ఈ రెండు కంపెనీల షేర్లు మాత్రం ఎప్పుడూ కలిసే నడుస్తాయా? నడవనప్పుడు, వాటి మధ్య పెరిగిన ఎడం మళ్ళీ తగ్గుతుందని పందెం కాయడమే పెయిర్స్ ట్రేడింగ్.

ఉక్కు నగరం విశాఖ పక్క దారితో మొదలుపెట్టి ఉక్కు షేర్లు ఎందుకు తీసుకోలేదని అడగొచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేర్లు ఎక్స్ఛేంజీలో నమోదు కాలేదు. జంట కట్టాలంటే రెండింటికీ రోజూ ధర పలకాలి. అందుకని మల్కాపురం వైపు పొగగొట్టాల దగ్గరికే వెళ్దాం. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన విశాఖ రిఫైనరీ 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఈ మధ్య విస్తరణతో దాని సామర్థ్యం ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెరిగింది. బీపీసీఎల్ కూడా అలాంటి పుట్టుకే పుట్టింది: 1976లో ప్రభుత్వం తీసుకున్న బర్మా షెల్ తర్వాత భారత్ పెట్రోలియం అయింది. ముంబయి, కొచ్చి, బీనాల్లో దానికి రిఫైనరీలున్నాయి.

ఈ రెంటినీ కట్టి ఉంచే తాడు కంటికి కనిపించేదే. 2018 అక్టోబరు 4న కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు రూపాయిన్నర తగ్గించి, ఇంకో రూపాయి చమురు కంపెనీలే భరించాలంది. ఆ ఒక్క మాటకి రెండు షేర్లూ ఒకే పూట కుప్పకూలాయి. 2022 ఏప్రిల్–జూన్‌లో ముడిచమురు మండిపోతున్నా బంకు ధరలు పెద్దగా కదల్లేదు. ఆ మూడు నెలల్లోనే హెచ్‌పీసీఎల్ 10 వేల కోట్లకు పైగా, బీపీసీఎల్ 6 వేల కోట్లకు పైగా నష్టం చూపించాయి. దెబ్బ ఒకటే అయినా తగిలిన తీరు వేరు. చిన్న కంపెనీకే పెద్ద నష్టం వచ్చింది. హెచ్‌పీసీఎల్ తాను శుద్ధి చేసేదానికంటే ఎక్కువ అమ్ముతుంది, మిగతాది బయట కొంటుంది. అందుకే బంకులో మిగిలే మార్జిన్ మీద దాని బతుకు మరింత ఆధారపడి ఉంటుంది. ఒకే గాలికి రెండూ ఊగుతాయి, ఒకటి కాస్త ఎక్కువ ఊగుతుంది. ఆ "కాస్త ఎక్కువ" ఎంతో చెప్పే అంకె తర్వాత లెక్కలో బీటా పేరుతో వస్తుంది.

రెండు షేర్లు రోజూ ఒకే వైపు కదిలితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దాన్ని కోరిలేషన్ అంటారు, పందేనికి అది చాలదు. ఒకే దారిన పోతున్న రెండు ఎడ్లు వేరు, ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లు వేరు. మొదటి జత రోజంతా ఒకే దిక్కుకు నడుస్తూనే సాయంత్రానికి మైలు దూరం విడిపోవచ్చు. ఒక షేరు రోజుకి సగటున కొంచెం ఎక్కువ పెరుగుతూ పోతే, రోజువారీ కదలికలు ఎంత బాగా కలిసినా ఏడాదిలో ఎడం పెరిగిపోతుంది, తిరిగి రాదు. మనకి కావాల్సింది కాడి. రెండు ధరలూ విడివిడిగా ఎటైనా తిరగొచ్చు, వాటి మధ్య ఎడం మాత్రం ఒక సగటు చుట్టూనే తిరగాలి. అదే కోఇంటిగ్రేషన్.

ఈ ఆలోచన ఒక వాదనలో పుట్టింది. దిక్కులేకుండా తిరిగే రెండు వరసల మధ్య తేడా మాత్రం నిలకడగా ఉండొచ్చని డేవిడ్ హెండ్రీ అంటే, అది కుదరదని క్లైవ్ గ్రేంజర్ కొట్టిపారేశాడు. కుదరదని రుజువు చేద్దామని కూర్చుని, కుదురుతుందని రుజువు చేసి లేచాడు. రాబర్ట్ ఎంగిల్‌తో కలిసి 1987లో ఆయన వేసిన పత్రమే ఇవాళ్టి పరీక్షకు మూలం. 2003లో ఇద్దరూ ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. చిత్రమేమిటంటే వాల్‌స్ట్రీట్ వాళ్ళు ఆ పత్రం కోసం ఆగలేదు. మోర్గన్ స్టాన్లీలో గెర్రీ బాంబర్గర్, నున్జియో టార్టాలియా వంటివాళ్ళు 1980లలోనే జంటలు కట్టి వ్యాపారం మొదలుపెట్టేశారు.

పరీక్ష రెండు మెట్లు. ముందు రెండేళ్ళ రోజువారీ ముగింపు ధరలు తీసుకుని, వాటికి లాగరిథమ్ కడతాం. లాగరిథమ్ ఎందుకంటే అప్పుడు తేడాలు రూపాయల్లో కాక శాతాల్లో మాట్లాడతాయి. తర్వాత హెచ్‌పీసీఎల్‌ని బీపీసీఎల్‌తో సరిపోల్చే గీత గీస్తే దాని వాలు బీటా. ఎడం, అంటే స్ప్రెడ్, ఇది:

```
s = ln(HPCL) − β × ln(BPCL)
```

రెండో మెట్టులో ఈ `s` నిజంగా సగటు వైపు తిరిగొచ్చే రకమా, లేక అదీ దిక్కులేకుండా తిరిగేదేనా అని డికీ–ఫుల్లర్ పరీక్షతో చూస్తాం. పరీక్ష ఒక రుణసంఖ్య ఇస్తుంది. అది ఎంత లోతుగా ఉంటే కాడి అంత గట్టిదని అర్థం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మామూలు డికీ–ఫుల్లర్ పట్టికలో 5 శాతం హద్దు −2.86. కానీ మన `s` ఊరికే దొరికింది కాదు. ఎడం వీలైనంత చిన్నదిగా కనిపించేలా బీటాని మనమే ఏరి తెచ్చుకున్నాం. ఏరి తెచ్చుకున్న దానికి పరీక్ష కష్టంగా ఉండాలి కనుక ఎంగిల్–గ్రేంజర్ పట్టికలో హద్దు −3.34. పరీక్ష −3.0 ఇస్తే మొదటి పట్టిక పట్టుకున్నవాడు జంట దొరికిందని సంబరపడతాడు, రెండోది పట్టుకున్నవాడు వదిలేస్తాడు. పైథాన్ వాడేవాళ్ళు `adfuller` బదులు `coint` పిలిస్తే సరైన పట్టికే వస్తుంది.

పరీక్షకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ జంటని ఎలా ఎంచుకున్నావు? 50 షేర్లని ఒకదానితో ఒకటి కలిపితే 1,225 జంటలవుతాయి. ఏ సంబంధమూ లేకపోయినా 5 శాతం హద్దులో 60 దాకా జంటలు అదృష్టం కొద్దీ నెగ్గుతాయి. సబ్బుల కంపెనీకీ సిమెంటు కంపెనీకీ పెళ్ళి కుదిరినట్టు కంప్యూటరు చెబుతుంది. కంప్యూటరుతో జల్లెడ పట్టి తర్వాత కారణం వెతకడం కంటే, కారణం ఉన్న జంటని ముందు పట్టుకుని తర్వాత పరీక్షకి పెట్టడం మేలని నా అభిప్రాయం. బంకు బోర్డు మీది ధర అలాంటి కారణం.

ఇప్పుడు లెక్క చేసి చూద్దాం. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి, ఏ రోజు మార్కెట్ ధరలూ కావు. బీటా 1.1 వచ్చిందనుకుందాం. అంటే బీపీసీఎల్ 10 శాతం కదిలినప్పుడు హెచ్‌పీసీఎల్ ఉజ్జాయింపుగా 11 శాతం కదులుతుంది. గత కాలపు `s` సగటు −0.40, ప్రామాణిక విచలనం 0.05. ఇవాళ హెచ్‌పీసీఎల్ 400 రూపాయలు, బీపీసీఎల్ 300. ln(400) విలువ 5.9915, ln(300)ని 1.1తో గుణిస్తే 6.2742. కనుక `s` = −0.2827. జెడ్-స్కోర్ అంటే ఇవాళ్టి ఎడం సగటు నుంచి ఎన్ని విచలనాల దూరంలో ఉందో చెప్పే అంకె:

```
z = (−0.2827 − (−0.40)) / 0.05 = 2.35
```

బీపీసీఎల్ 300 ఉన్నప్పుడు ఈ లెక్క ప్రకారం హెచ్‌పీసీఎల్ 356 దగ్గర ఉండాలి. 400 ఉందంటే బాగా సాగింది. 2 దాటితే దిగడం అన్నది వాడుకలో ఉన్న హద్దు. అందుకని హెచ్‌పీసీఎల్ అమ్ముతాం, బీపీసీఎల్ కొంటాం. ఎంతెంత? 10 లక్షలు అమ్మితే 11 లక్షలు కొనాలి, ఎందుకంటే బీటా 1.1. రెండు వైపులా సమానంగా పెట్టేవాళ్ళు చాలామందే. అప్పుడు పందెంలో కొంత భాగం ఎడం మీద కాక మొత్తం చమురు రంగం ఎటు పోతుందన్న దాని మీద పడిపోతుంది. మన లెక్కలో 2,500 హెచ్‌పీసీఎల్ షేర్లు అమ్మి, 3,666 బీపీసీఎల్ షేర్లు కొన్నాం.

కొన్నాళ్ళకి హెచ్‌పీసీఎల్ 380కి దిగి, బీపీసీఎల్ 313కి ఎక్కిందనుకుందాం. `s` ఇప్పుడు −0.3807, జెడ్ 0.39. 0.5 లోపలికొస్తే బయటపడాలన్నది మన నియమమైతే ఇక తేల్చుకోవాలి. అమ్మిన వైపు షేరుకి 20 చొప్పున 50,000, కొన్న వైపు 13 చొప్పున 47,658, మొత్తం 97,658 రూపాయలు. అలా కాకుండా 2018 అక్టోబరు లాంటి రోజొచ్చి రెండూ పడి, హెచ్‌పీసీఎల్ 340కి, బీపీసీఎల్ 272కి చేరాయనుకోండి. అమ్మిన వైపు లక్షన్నర లాభం, కొన్న వైపు 1,02,648 నష్టం, చేతిలో ఇంకా 47 వేల పైచిలుకు మిగులుతుంది. జెడ్ 1.25కి వచ్చింది కనుక పందెం సగం దారిలో ఉందన్నమాట. మార్కెట్ కూలినా ఎడం తగ్గినంత మేరకు డబ్బొచ్చింది.

సున్నా దాకా ఆగకుండా 0.5 దగ్గరే ఎందుకు బయటపడటం? సాగిన ఎడం మొదట్లో గబగబా తగ్గుతుంది, సగటు దగ్గరికొచ్చేకొద్దీ నత్తనడక నడుస్తుంది. ఆ వేగానికి కొలత అర్ధాయువు. రేపటి ఎడం సగటున ఇవాళ్టి దానిలో 95 శాతం ఉండే జంటలో, ఎడం సగానికి తగ్గడానికి 13, 14 ట్రేడింగ్ రోజులు పడుతుంది. 2.35 నుంచి 1.2కి రావడానికి అన్ని రోజులు, 0.6కి రావడానికి మళ్ళీ అన్ని రోజులు. ఆ చివరి అరకొర లాభం కోసం ఇంకో నెల డబ్బు ఇరికించుకోవడం దండగ. పైగా అర్ధాయువు గడువు కూడా పెడుతుంది. రెండు మూడు అర్ధాయువులు గడిచినా ఎడం కదలకపోతే, కారణం తెలిసినా తెలియకపోయినా బయటికొచ్చేయాలి.

మన దేశంలో ఆ గడువుకి ఇంకో బరువుంది. షేరు చేతిలో లేకుండా అమ్మి రాత్రికి రాత్రి నిలబెట్టుకోవడం నగదు విభాగంలో మామూలు మదుపరికి కుదరదు, ఫ్యూచర్స్‌కి పోవాల్సిందే. ఫ్యూచర్స్ లాట్లలోనే దొరుకుతాయి కనుక 2,500కి 3,666 అన్న నిష్పత్తి సరిగ్గా కుదరదు. దగ్గర్లో ఉన్న లాట్లకి సర్దుకుంటే బీటా 1.1 కాస్తా 1.2 కావచ్చు, 0.95 కావచ్చు. నెల ముగింపులోగా పందెం తేలకపోతే పాత కాంట్రాక్టు వదిలి కొత్తది పట్టుకోవాలి, దానికి మళ్ళీ రెండు వైపులా ఖర్చు. వదలకుండా కూర్చుంటే 2019 అక్టోబరు నుంచి అన్ని షేర్ల ఫ్యూచర్సూ డెలివరీతోనే ముగుస్తున్నాయి. అమ్మినవాడు షేర్లు తెచ్చివ్వాలి. విచలనం 5 శాతం ఉన్న మన ఉదాహరణలో ఈ ఖర్చులు కనిపించవు. విచలనం ఒకటిన్నర శాతమే ఉన్న బిగువైన జంటలో 2 నుంచి 0.4కి వచ్చే మొత్తం ప్రయాణం 2.4 శాతమే. అందులోంచి నాలుగు లావాదేవీల పన్నూ, బ్రోకరేజీ, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా పోవాలి. బిగువైన జంటే మంచిదనుకోవడం అన్నివేళలా నిజం కాదు.

ఇక అసలు కథ. 2019 సెప్టెంబరులో బీపీసీఎల్‌ని ప్రభుత్వం పూర్తిగా అమ్మేస్తుందన్న వార్తలు గుప్పుమన్నాయి. ఆగస్టులో 350 రూపాయల ప్రాంతంలో ఉన్న షేరు అక్టోబరులో 500 దాటింది. నవంబరు 20న ప్రభుత్వం చేతిలోని 53.29 శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదముద్ర వేసింది. హెచ్‌పీసీఎల్ పరిస్థితి వేరు. దానిలో ప్రభుత్వ వాటా 51.11 శాతం 2018 జనవరిలోనే 36,915 కోట్లకి ఓఎన్‌జీసీకి వెళ్ళిపోయింది. ఒక ప్రభుత్వ సంస్థ ఇంకో ప్రభుత్వ సంస్థని కొనుక్కుంది, బంకు ధర మీద ఢిల్లీ నీడ అలాగే ఉంది. బీపీసీఎల్ ప్రైవేటు చేతికి పోతే ఆ నీడ తొలగుతుందనీ, కొనేవాడు చిన్న మదుపరులకీ ఓపెన్ ఆఫర్ ఇవ్వాల్సి వస్తుందనీ మార్కెట్ లెక్కేసింది.

ఆ రోజుల్లో జెడ్-స్కోర్ చూసినవాడికి ఏం కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. బీపీసీఎల్ దూసుకుపోతుంటే `s` కిందికి పడుతుంది. −2 దగ్గర తెర చెప్పేది ఒకటే: హెచ్‌పీసీఎల్ చవక, కొను, బీపీసీఎల్ ప్రియం, అమ్ము. కొన్న తర్వాత −3 అవుతుంది. అప్పుడు మరింత చవకగా కనిపిస్తుంది కనుక ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది. జెడ్ చెప్పేది ఎడం ఎంత సాగిందన్నదొక్కటే. కాడి ఇంకా ఉందా, విరిగిందా అన్నది ఆ అంకెలో లేదు. అందుకే ఈ పద్ధతిలో స్టాప్‌లాస్ పెట్టాలా వద్దా అన్న పేచీ ఎప్పటికీ తెగదు. ఎడం పెరిగేకొద్దీ లాభావకాశం పెరుగుతుందని లెక్క అంటుంది, ఆ లెక్కే తప్పై ఉండే అవకాశమూ అంతే పెరుగుతుంది. 3 లేదా 3.5 దగ్గర తెంచుకునేవాళ్ళు కొన్ని మంచి పందేలు పోగొట్టుకుంటారు, 2019 లాంటిదాన్నించి బయటపడతారు. నా ఓటు వాళ్ళకే.

సాగిన ఎడాన్నీ విరిగిన కాడినీ వేరుచేసి చూడటానికి ఒక చవకైన ఉపాయముంది: మూడో సాక్షి. ఇండియన్ ఆయిల్ కూడా అదే ముడిచమురు కొని అదే ధరకి అమ్ముతుంది. హెచ్‌పీసీఎల్–ఇండియన్ ఆయిల్ ఎడం మామూలుగానే ఉండి, బీపీసీఎల్ ఒక్కటే రెంటికీ దూరమైందంటే కారణం రంగంలో లేదు, బీపీసీఎల్‌లోనే ఉంది. అలాంటప్పుడు జెడ్ ఎంతున్నా దిగకూడదు, ముందు వార్త చదవాలి. మూడూ అస్తవ్యస్తంగా ఊగుతుంటే అది ఎక్కువగా గందరగోళమే, సర్దుకునే అవకాశం ఉంది.

వార్త కూడా అక్కర్లేని దొంగ సంకేతాలున్నాయి. 2024 జూన్‌లో బీపీసీఎల్ ఒక షేరుకి ఒకటి, హెచ్‌పీసీఎల్ రెండు షేర్లకి ఒకటి బోనస్ ఇచ్చాయి. బోనస్ రోజున బీపీసీఎల్ ధర సగమవుతుంది, హెచ్‌పీసీఎల్ ధర మూడింట రెండొంతులవుతుంది. మదుపరి ఆస్తిలో పైసా తేడా రాదు. పాత ధరల్ని సర్దకుండా మన లెక్కలోకి ఎక్కిస్తే `s` ఒక్కసారిగా 0.357 ఎగురుతుంది, అంటే జెడ్ ఏడు మెట్లు ఎక్కుతుంది. ఇంత పెద్ద గెంతు కంట్లో పడుతుంది కనుక ప్రమాదం తక్కువ. ప్రమాదమంతా చిన్న గెంతులతోనే. ప్రభుత్వ కంపెనీలు ఇచ్చే దండి డివిడెండ్ల రోజున ధర రెండు మూడు శాతం తగ్గితే, బిగువైన జంటలో అదే 2 హద్దు దాటించడానికి సరిపోవచ్చు.

అన్నిటికన్నా మాయదారిది మాత్రం కదిలే సగటు. చాలామంది సగటునీ విచలనాన్నీ గత 60 రోజుల మీద కడతారు, రోజూ కొత్తరోజు చేరి పాతరోజు పోతుంది. పాత జంటే విరిగి, −0.50 దగ్గర హెచ్‌పీసీఎల్ 10 లక్షలు కొని దిగామనుకుందాం, అప్పుడు జెడ్ −2. ఎడం −0.65కి పడి అక్కడే బైఠాయించింది. 60 రోజులయ్యేసరికి సగటు కూడా −0.65 అయింది, జెడ్ సున్నా. తెర మీద పచ్చరంగు వెలిగి, లక్ష్యం చేరింది, బయటికి రమ్మంటుంది. చేతిలో ఉన్నది లక్షన్నర నష్టం. ఎడం సగటు దగ్గరికి వచ్చిందా, సగటే ఎడం దగ్గరికి వచ్చిందా అని తెలుసుకోవాలంటే జెడ్ పక్కన ఆ 60 రోజుల సగటు గీతని కూడా గీసుకుని, దిగిన రోజు నుంచి అది ఎంత జరిగిందో చూడాలి. అర విచలనానికి మించి జరిగిందంటే పందెం కాసిన ఎడం ఇప్పుడు లేనట్టే.

గతాన్ని తిరగేసి పరీక్షించేటప్పుడు ఇదే జబ్బు తిరగబడి వస్తుంది. ఐదేళ్ళ ధరలన్నీ కలిపి ఒకే బీటా, ఒకే సగటు కట్టి, ఆ ఐదేళ్ళలోనే ట్రేడ్లు వేసి చూస్తే అద్భుతమైన లాభం కనిపిస్తుంది. మొదటి ఏడాది ట్రేడ్ వేసినవాడికి ఐదో ఏడాది సగటు తెలిసినట్టు లెక్క కట్టామన్నమాట. గాటెవ్, గోట్జ్‌మన్, రోవెన్‌హార్స్ట్ 2006లో వేసిన పేరున్న అధ్యయనం దీన్ని తప్పించుకుంది. వాళ్ళు 12 నెలల ధరలతో జంట కట్టి, ఆ తర్వాతి 6 నెలల్లో మాత్రమే 2 విచలనాల హద్దుతో పందెం కాశారు. 1962 నుంచి 2002 దాకా అమెరికా షేర్లలో ఏడాదికి దాదాపు 11 శాతం అదనపు రాబడి కనిపించింది. 2010లో డో, ఫాఫ్ అనే ఇద్దరు అదే పద్ధతి మళ్ళీ చేసి చూస్తే లాభం కాలక్రమంలో తగ్గుతూ వచ్చిందని తేలింది. విడిపోయి తిరిగి కలవని జంటలు పెరగడం అందుకు పెద్ద కారణం.

బీపీసీఎల్ అమ్మకం చివరికి జరగలేదు. బరిలో చివరికి ఒక్కరే మిగలడంతో 2022 మేలో ప్రభుత్వం దాన్ని విరమించుకుంది. అంటే కాడి మళ్ళీ కట్టినట్టే. ఆ వెంటనే వచ్చిన జూన్ త్రైమాసికం నష్టాలే రెండూ మళ్ళీ ఒకే పడవలో ఉన్నాయని చూపించాయి. "ఆగి ఉంటే గెలిచేవాళ్ళం కదా" అనొచ్చు. 2019 శరదృతువులో దిగినవాడు అందాకా ఆగాలంటే ముప్పై సార్లకి పైగా కాంట్రాక్టు మార్చుకోవాలి, మధ్యలో 2020 మార్చి పతనంలో పెరిగిన మార్జిన్లు కట్టాలి. తిరిగి జత కట్టాలనుకున్నవాడికి కూడా పాత బీటా పనికిరాదు. 2019కి ముందు రోజుల్నీ, అమ్మకం ఊహల్లో ఉన్న రోజుల్నీ పక్కనపెట్టి, 2022 మే తర్వాతి ఓ ఏడాది ధరలతో −3.34 పరీక్ష మళ్ళీ మొదటినుంచి రాయించాలి.